మాసమ్మ కాలి మరక

మాసమ్మ తన పేరు మీద తనే జోకులు వేసుకునేది. "మా నాయనమ్మ ఏ గడియల పెట్టిందో గని, ఊర్ల మాసిన బట్టలన్నీ నన్నే ఎతుక్కుంట వస్తయ్" అనేది బట్టల మూట విప్పుతూ. అశోక్‌నగర్‌లో ఓ సందు మొదట్లో, ఓ అపార్ట్‌మెంట్ ప్రహరీని ఆనుకుని ఆమె ఇస్త్రీ బండి ఉండేది. పైన రేకు, కింద నాలుగు చక్రాలు. ఆ చక్రాలు తిరిగి ఎన్నో ఏళ్ళయింది కాబట్టి దాన్ని బండి అనడం కూడా ఓ మర్యాద మాత్రమే. బొగ్గుల పెట్టె చేతిలో పట్టుకుని పొద్దున టిఫిన్ వేళ నిలబడితే, దూరదర్శన్‌లో వార్తలొచ్చే వేళకు గానీ ఆమె ఆ చోటు నుంచి కదిలేది కాదు.

మహబూబ్‌నగర్ జిల్లా నుంచి భర్త ఈదయ్యతో కలిసి కూలికి వచ్చిన మనిషి. ఈదయ్య సెంట్రింగ్ పనికి పోయేవాడు. ఇద్దరూ లోయర్ ట్యాంక్ బండ్ దిగువన ఒక బస్తీలో కిరాయికి ఉండేవారు. ముగ్గురు పిల్లల్నీ ఆ బండి కిందే చీర ఉయ్యాల కట్టి పెంచింది. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి సంసారం వాళ్ళు చూసుకుంటున్నా ఆమె మాత్రం బండి వదల్లేదు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు గదికి ఐదారుగురు చొప్పున ఆ సందు నిండా ఉండేవారు. వాళ్ళ చొక్కా జేబుల్లో పెన్నులు కక్కిన ఇంకును, మెస్సు సాంబారు మరకల్ని మాసమ్మ మాయం చేసేది. పాలతో ఒకటి, పెరుగుతో ఒకటి, కిరసనాయిలుతో ఒకటి. ఇనుప తుప్పు మరకైతే ఉప్పు, నిమ్మరసం రుద్ది ఎండలో పెట్టేది. మరకల విషయంలో తనను మించిన వాళ్ళు చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా లేరని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది.

మూడో కాన్పు తర్వాత ఎడమ కాలి పిక్క మీద నరాలు లేచాయి. నులక తాళ్ళలా మెలికలు తిరిగి, నీలంగా. మాసమ్మ వాటిని పెద్దగా పట్టించుకోలేదు. "మంచానికి నులక తక్కువ పడితే నా కాలుకెల్లి గుంజుకోరాదు?" అని ఈదయ్యను ఆటపట్టించేది. సాయంత్రమయ్యేసరికి ఆ కాలు బరువెక్కేది. చెప్పు పట్టీ ఒత్తుకుని పాదం మీద గాడి పడేది. రాత్రి పడుకుని లేస్తే వాపు తీసేది. తీసేసింది కదా, ఇంక రోగమేంది అనుకునేది.

కొన్నేళ్ళకు చీలమండ పైన, లోపలివైపు, గోధుమ రంగు మచ్చ ఒకటి కనిపించింది. మొదట్లో చిన్నదే. మెల్లగా అది చీలమండ చుట్టూ కడియంలా పాకింది. అక్కడి చర్మం ఎండిపోయి, పొలుసులు రాలి, ఒకటే దురద. ఒక కాలి మీద నిలబడి రెండో కాలి మడమతో దాన్ని గీరుకుంటూ ఇస్త్రీ చేసేది. చూసేవాళ్ళకు కొంగలా కనిపిస్తున్నానని ఆమెకు తెలుసు. "కొంగ గూడ చేపలు దొరికేదాంక గిట్లనే నిలబడుతది" అని తనే అనేది, ఎవరో అనేలోపల.

ఆ రంగు చూసి మాసమ్మ తేల్చేసింది: ఇది బొగ్గు మసి. రోజంతా బొగ్గుల పక్కన నిలబడే మనిషికి కాళ్ళు నల్లబడక తెల్లబడతాయా? ముందు ఇటుక ముక్కతో రుద్దింది. తర్వాత బట్టల సోడాతో రుద్దింది. అయినా పోలేదు. పోకపోతే ఆమెకు రోషం వచ్చింది. కాస్త ఎర్రగా, కాస్త తుప్పు రంగులో ఉన్న ఆ మరకను తేరిపార చూసి, అసలు మందు ఇప్పుడు తడుతోందే అనుకుంది. ఓ ఆదివారం గుమ్మంలో కూర్చుని, చీలమండ మీద ఉప్పు చల్లి, నిమ్మచెక్కతో రుద్ది, కాలు ఎండలోకి చాపింది.

పక్కింటి హనుమమ్మ నీళ్ళ బిందెతో పోతూ ఆగింది. "ఏందే మాసమ్మా, ఉప్పు, నిమ్మకాయ... కాలును పచ్చడి వెడుతున్నవా?"

"ఊరనీయక్కా. ఊరినంక నీకు గూడ జాడీల పెట్టిస్త" అంది మాసమ్మ, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా. మంట అలాంటిలాంటిది కాదు.

మరక పోలేదు గానీ చర్మం పోయింది. రెండు రోజులకు అక్కడ పగుళ్ళు వచ్చాయి. దురదకు గోళ్ళు పెట్టి గీరితే నీరు కారింది. కారిన చోట చొక్కా గుండీ అంత పుండు తేలింది. వారాలు గడిచేకొద్దీ గుండీ కాస్తా రూపాయి బిళ్ళంత అయింది. లోతు లేదు, కానీ ఎప్పుడూ తడిగా, అంచులు వంకరటింకరగా ఉండేది. పసుపు పెట్టింది. ఎవరో చెప్పారని బూడిద చల్లింది. చిక్కడపల్లిలో మందుల షాపు వాడు ఒక ట్యూబ్ ఇస్తే అది రోజూ పట్టించింది. దాంతో పుండు చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా ఎర్రగా పొక్కి, నీటి బుడగలు లేచాయి. ట్యూబ్ పని చేస్తోంది కాబట్టే పొక్కుతోందని మాసమ్మ సంబరపడింది. ట్యూబ్ అయిపోతే ఇంకోటి కొనుక్కుంది.

దవాఖానకు పోదామని ఈదయ్య అన్నాడు. మాసమ్మకు భయం. బస్తీలో ఒకరికి షుగర్ పుండు వచ్చి కాలు తీసేయడం ఆమె చూసింది. "కాలు తీస్తే ఇస్త్రీ ఎవడు చేస్తడు, నువ్వా? నువ్వు చేస్తే ప్యాంటుకు మూడు మడతలొస్తయ్" అని తోసిపుచ్చింది. అడిగినవాళ్ళకు ఒకటే మాట చెప్పేది: "బొగ్గుల నిప్పురవ్వ పడ్డది." ఎంత బాగా చెప్పిందంటే, ఆ రవ్వ ఏ రోజు పడిందో, అప్పుడు ఎవరి చొక్కా ఇస్త్రీ చేస్తోందో కూడా కథ అల్లేసింది. పదిసార్లు చెప్పాక తనకే నిజమనిపించింది.

అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తులో ఉండే మహేశ్వరికి ఆ కథ పట్టలేదు. ఒకరోజు బట్టలు తీసుకోవడానికి కిందికి వచ్చి, బండి కింద మాసమ్మ కాలికి చుట్టిన పాత గుడ్డ తడిసి పచ్చబడడం చూసింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"మాసమ్మా, ఏమనుకోకు. పిల్లలు చిన్నోళ్ళు. నీ కాలు మానేదాంక మా బట్టలు వేరే దగ్గర ఇస్తం" అంది. చెడ్డ మనిషి కాదు. చెప్పేటప్పుడు గొంతు కూడా తగ్గించింది. కానీ ఇస్త్రీ చెయ్యని బట్టల మూటను తిరిగి పట్టుకుని పోయింది. వారంలోగా ఆ అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ళ మూటలు రావడం మానేశాయి. తగ్గని పుండు, చర్మం మీద మచ్చ. ఎవరికి ఏ పెద్దరోగం పేరు తట్టిందో మాసమ్మ అడగలేదు. అడగాల్సిన పని లేకుండా వాళ్ళ చూపులే చెప్పాయి.

ఆ సాయంత్రం ఆమె జోకులు వెయ్యలేదు. ఈదయ్య అన్నం పెట్టమంటే పెట్టింది, తను తినలేదు. "ఇన్నేండ్లు వాళ్ళ పిల్లల పురిటి గుడ్డలు గూడ నేనే ఉతికిన" అంది చివరికి. ఈదయ్య ఆమె కాలు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాలు అలా ఎత్తి పెడితే నొప్పి తగ్గుతుందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఎందుకు తగ్గుతుందో మాత్రం తెలియలేదు.

విద్యావతి ఆ సందులోనే పాత పెంకుటింట్లో ఉండేది. నారాయణగూడలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. గంజి పెట్టిన కాటన్ చీరలు మాసమ్మ తప్ప ఎవరు ఇస్త్రీ చేసినా ఆమెకు నచ్చేవి కావు. మర్నాడు బడికి పోతూ బండి దగ్గర ఆగి, మూటలు తగ్గిన సంగతి గమనించింది.

"ఏమైంది మాసమ్మా, గిరాకీ లేదా?"

"కాలుకు నిప్పురవ్వ పడ్డది టీచరమ్మా. జనాలు భయపడుతున్నరు."

"ఎప్పుడు పడ్డది?"

"మొన్న... హోలీకి ముందు."

"ఇప్పుడు ఏ నెల? రవ్వ పడితే ఇన్ని రోజులుంటదా? ఏది, చీర జర పైకి తియ్యి."

మాసమ్మ తీయనంది. విద్యావతి కదలనంది. చేతి గడియారం చూసుకుని, ఆ రోజు మొదటి పీరియడ్ పోతే పోయిందని బండి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇక తప్పక మాసమ్మ గుడ్డ విప్పింది. విద్యావతి వంగి, పుండునూ చుట్టూ ఉన్న మచ్చనూ చూసింది.

"మా అత్తమ్మకు గిట్లనే ఉండె" అంది తర్వాత. "అదే జాగ, అదే రంగు. మేమంతా గజ్జి అనుకున్నం. చనిపోయేదాంక పసుపు గుడ్డ కట్టుకునే తిరిగింది పాపం. నువ్వు సాయంత్రం నాతో వస్తున్నవు. మా బడిలో చదివే పిల్ల వాళ్ళమ్మ సర్జను."

"కాలు తీస్తరా టీచరమ్మా?"

"తీస్తే నేను చీరలు ఎవరికిస్త? రా."

డాక్టర్ విజయశ్రీ సాయంత్రాలు నారాయణగూడలో ఓ చిన్న నర్సింగ్ హోమ్‌లో కూర్చునేది. గదిలో అడుగు పెట్టగానే మాసమ్మ అలవాటు కొద్దీ "నిప్పురవ్వ..." అని మొదలుపెట్టింది. విద్యావతి తరగతిలో అల్లరి పిల్లను చూసినట్టు చూసేసరికి రవ్వ సగంలోనే ఆరిపోయింది. ఇటుక ముక్క, సోడా, ఉప్పు, నిమ్మకాయ, బూడిద, ట్యూబ్... అన్నీ వరసగా బయటికొచ్చాయి. డాక్టరమ్మ రాసుకోవడం ఆపేసి వింది.

"ఇంకేమన్న మిగిలిందా? మిరపపొడి?"

"అది మతికి రాలేదమ్మా" అంది మాసమ్మ నిజాయితీగా.

డాక్టరమ్మ ఆమెను ఒక ఎత్తు పీట మీద నిలబెట్టి పిక్క వెనక లేచిన నరాల్ని వేళ్ళతో తడిమింది. పడుకోబెట్టి కాలు పైకెత్తింది. ఉబ్బిన నరాలు చప్పున ఖాళీ అయ్యాయి. తొడకు రబ్బరు గొట్టం కట్టి మళ్ళీ నిలబెట్టి, గొట్టం విప్పగానే పైనుంచి కిందికి నరాలు ఎలా నిండాయో చూసింది. మళ్ళీ మంచం మీద పడుకోబెట్టి పాదం మీద, చీలమండ వెనక నాడి చూసింది. వేలి నుంచి రక్తం తీసి షుగర్ పరీక్షకు పంపింది. షుగర్ లేదని తెలిశాక అసలు మాట చెప్పింది.

"చూడమ్మా, కాలికి రక్తం దిగుడు బాగనే ఉంది. మళ్ళా పైకెక్కుడు దగ్గరే వచ్చింది కష్టం. కాలి నరాలల్ల రక్తం పైకి పోవడానికి చిన్న చిన్న తలుపులుంటయి. పైకే తెరుచుకుంటయి, కిందికి రానియ్యవు. నడిచినప్పుడు పిక్క కండ పిండితే రక్తం పైకి పోతది. నువ్వు కదలకుండ పొద్దంత నిలబడుతవు. తలుపులు పాడైనయి. ఎక్కిన రక్తం మళ్ళా కిందికే దిగుతుంది. ఆ ఒత్తిడికి చీలమండ దగ్గర సన్న నరాల్లోంచి రక్తం చర్మంలోకి ఊరుతది. అందుకే వాపు, దురద. చర్మం బలం పోయి, చిన్న దెబ్బ తగిలినా పుండు. అంటురోగం కాదు, పెద్దరోగం అసలే కాదు."

మాసమ్మకు మొదటిసారి గుండె కుదుటపడింది. కుదుటపడగానే పాత పౌరుషం లేచింది. "మరి ఆ మరక ఏందమ్మా?"

"రక్తంల ఇనుము ఉంటది. బయటికొచ్చిన రక్తం అక్కడ్నే విరిగిపోయి, ఇనుము చర్మంల మిగిలిపోతది. ఒక రకంగా తుప్పు అనుకో."

మాసమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "తుప్పేనా! నేను తుప్పనే కదమ్మా నిమ్మకాయ వెట్టిన! టీచరమ్మా, విన్నరా? నేను చెప్పిందే కరెక్టు!"

"కరెక్టే" అంది డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ. "కాని మరక బట్ట మీద లేదు, బట్ట లోపల ఉంది. నువ్వు మరకను తీద్దామని బట్టనే చింపుకున్నవు."

మాసమ్మ మళ్ళీ మంచం మీద వెనక్కి ఒరిగింది. ఇన్నేళ్ళ వృత్తిలో గిరాకీ బట్ట చింపడం ఆమెకు ఎరుక లేదు. చింపింది ఒక్కటంటే ఒక్కటి, అదీ సొంత తోలు.

నర్సు పుండును సెలైన్‌తో కడిగి, మెత్తటి గాజ్ గుడ్డ పెట్టి, దూది పరిచి, కాలి వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింది దాకా సాగే పట్టీ చుట్టింది. చీలమండ దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ కాస్త వదులుగా. ఈ పట్టీయే అసలు మందు అంది డాక్టరమ్మ. ట్యూబ్ పడక చర్మం పొక్కింది కాబట్టి అది అవతల పారెయ్యమంది. పట్టీ విప్పకూడదు, తడపకూడదు. వారం వారం వచ్చి మార్పించుకోవాలి. కదలకుండా నిలబడకూడదు, నడవాలి. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి.

"గుండె కంటె ఎత్తులనా? నా కాళ్ళకు గంత గౌరవమెందుకమ్మా" అంది మాసమ్మ.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం ఎండలు ముదిరాయి. ఒక పక్క రేకు వేడి, ఒక పక్క బొగ్గుల వేడి, నడుమ పట్టీ. లోపల దురద మొదలైంది. గరిటె కాడ దూర్చి గోకింది. అది అందక గొడుగు పుల్ల దూర్చింది. ఆ పుల్ల పట్టీలో చిక్కుకుని రాకపోతే, చివరికి పట్టీ మొత్తం విప్పేసింది. హాయిగా గోకింది. ఆ హాయి వర్ణించడానికి మాటలు లేవని తర్వాత చాలామందికి చెప్పింది. ఈదయ్య ఇంటికొచ్చి చూసి లబలబలాడాడు. "నర్సమ్మ కట్టినట్టే నేను కడత" అని, సెంట్రింగ్ కర్రలకు తాడు కట్టిన అనుభవమంతా ఉపయోగించి పట్టీ చుట్టాడు. పైన పిక్క దగ్గర బలంగా బిగించాడు, జారకుండా. కింద చీలమండ దగ్గర వదులుగా ఉంచాడు, నొప్పి పుట్టకుండా. పాపం, ప్రేమతోనే.

తెల్లారేసరికి పాదం పూరీలా పొంగింది. పట్టీ మార్చుకునే రోజు రాకముందే నారాయణగూడకు కుంటుకుంటూ పోవాల్సి వచ్చింది. డాక్టరమ్మ పట్టీని చూసి, "ఇది ఎవరు కట్టిన్రు?" అంది. ఈదయ్య గోడ మీది కేలెండర్ చూడడం మొదలుపెట్టాడు.

"పైన బిగిస్తే కింది రక్తం ఎటు పోతదయ్యా? కిందినుంచి బిగువు మొదలు కావాలె. మీరిద్దరు కలిసి కాలును మూట కట్టిన్రు."

"మూట గట్టుడే గదమ్మా మాకు వచ్చింది" అంది మాసమ్మ, తల దించుకుని.

పుండు కాస్త పెరిగింది. డాక్టరమ్మ కోప్పడలేదు. "మళ్ళా మొదటికెల్లి" అంది అంతే. ఆ మాటే మాసమ్మకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. అన్నేళ్ళూ ఊరి బట్టలన్నీ మడత నలగకుండా తిరిగి ఇచ్చిన తను ఒక్క పట్టీని వారం కాపాడలేకపోయింది. ఇంటికి తిరిగొస్తూ చిక్కడపల్లి మార్కెట్ దగ్గర ఈదయ్య సోడా తాగుదామంటే, "నాకొద్దు, ఆ సోడా పేరు వింటేనే కాలు మండుతుంది" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, ఈసారి పట్టీ జోలికి పోనని ఆమె గట్టిగా అనుకుంది.

అనుకున్నంత తేలిక కాలేదు. నిలబడకుండా ఇస్త్రీ ఎలా? ఈదయ్య తను కట్టిన పట్టీ పరువు నిలబెట్టుకోవాలన్నట్టు, సెంట్రింగ్ చెక్కలు తెచ్చి బండి చక్రాలు ఊడదీసి ఎత్తు తగ్గించాడు. కూర్చుని చెయ్యడానికి ఓ పీట, కాలు చాపుకోవడానికి ఎదురుగా ఇంకో పీట చేశాడు. కూర్చుని ఇస్త్రీ చెయ్యడం మాసమ్మకు నామోషీ. పైగా చేతికి బరువు ఆనక మొదటి వారం ఒక్క కాలరూ సరిగా రాలేదు. గ్రూప్స్ కుర్రాడొకడు మడత పడ్డ కాలరు చూసి, "అమ్మా, ఇంటర్వ్యూకు ఇట్ల పోతే ఉద్యోగం రాదు" అన్నాడు. "అయితే ముందుగాల పరీక్ష పాసు గా బిడ్డా, ఇంటర్వ్యూ నాటికి నేను నేర్చుకుంట" అంది.

ఇదివరకు బట్టలు ఎవరివి వాళ్ళు వచ్చి పట్టుకుపోయేవారు. ఇప్పుడు తనే మడత బట్టలు చేతిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. నడిచినట్టూ అవుతుంది, పిక్క పని చేసినట్టూ అవుతుంది. ఇక మధ్యాహ్నం భోజనం తర్వాత కాలు ఎత్తి పడుకోవాలి. బస్తీకి పోయి రావడం కుదరదు. కాబట్టి ప్రహరీ నీడలో ఓ బల్ల వేసుకుని, దాని మీద పడుకుని, చీర కుచ్చెళ్ళు చీలమండల దగ్గర తాడుతో కట్టుకుని, రెండు కాళ్ళూ మూటల మీదికి ఎక్కించేది. వీధికి ముందు ఆమె అరికాళ్ళు కనిపించేవి, తర్వాతే మనిషి. మొదటి రోజు ఓ పోస్ట్‌మాన్ సైకిల్ ఆపి, "ఏమ్మా, ఉన్నవా?" అని కంగారుగా పిలిచాడు. మాసమ్మ కళ్ళు తెరవకుండానే, "ఉన్న. కాళ్ళు జర పైకి పోయినయి, మనిషి ఇంక ఈడనే ఉన్నది" అంది.

వారం వారం నారాయణగూడ. నర్సు పట్టీ విప్పి, పుండు మీద పారదర్శకమైన కాగితం పెట్టి అంచు గీసేది. ముందు వారం గీత పక్కన పెట్టి చూపించేది. మొదట్లో రెండు గీతలూ ఒకేలా ఉండేవి. బోనాల పండుగ నాటికి లోపలి గీత కాస్త చిన్నదైంది. అంచుల నుంచి లేత గులాబీ చర్మం లోపలికి పాకుతోంది. మాసమ్మ ఆ కాగితాన్ని వెలుగుకు పెట్టి చూసి ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని నర్సు అడిగితే, "గింత చిన్న జాగ కోసం గిన్ని తిప్పలు పడ్డ మనిషి ఎవరన్న ఉన్నరా అని" అంది.

బతుకమ్మ పండుగ రోజుల్లో పుండు మూసుకుంది. కొత్త చర్మం ఉల్లిపొరలా పల్చగా, మెరుస్తూ ఉంది. చుట్టూ గోధుమ రంగు అలాగే ఉంది. అది ఇక పోదనీ, దురద రాకుండా రోజూ వాజిలిన్ రాసుకోవాలనీ, పొద్దున మంచం దిగకముందే సాగే మేజోడు తొడుక్కోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. పాడైన పెద్ద నరాన్ని ఆపరేషన్ చేసి తీసేస్తే మళ్ళీ పుండు వచ్చే భయం తగ్గుతుందని కూడా చెప్పింది. మాసమ్మ ధైర్యంగా ఒప్పుకుంది. సందంతా చాటింపు వేసింది. ఆపరేషన్ రోజు నర్సింగ్ హోమ్ మెట్ల దాకా పోయి, స్పిరిట్ వాసన తగలగానే వెనక్కి తిరిగి ఎంత వేగంగా నడిచిందంటే, ఈదయ్య చిక్కడపల్లి చౌరస్తా దాకా అందుకోలేకపోయాడు. "నడవమన్నది డాక్టరమ్మనే గద" అంది అందుకున్నాక. రెండోసారి విద్యావతి వెంట వచ్చింది కాబట్టి పారిపోవడం కుదరలేదు. నడుముకు సూది ఇచ్చాక కాళ్ళు తనవి కానట్టు అనిపించాయని, అంత సుఖం తన కాళ్ళు ఎప్పుడూ ఇవ్వలేదని తర్వాత చెప్పుకునేది. మర్నాడే లేపి నడిపించారు.

చలికాలంలో ఒక ఉదయం మహేశ్వరి బట్టల మూటతో వచ్చి, బండి మీద పెట్టి నిలబడింది. మాసమ్మకు అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి. రాత్రుళ్ళు పడుకుని ఎన్నో తయారుచేసి పెట్టుకుంది. తీరా సమయం వచ్చాక ఒక్కటీ గుర్తు రాలేదు. మహేశ్వరే "కాలు మానిందట గద" అంది మెల్లగా. మాసమ్మ మేజోడు కిందికి జరిపి చూపించింది. మహేశ్వరి వంగి చూసింది, ఈసారి ముక్కుకు కొంగు పెట్టుకోలేదు. "సాయంత్రం నేనే తెచ్చిస్త, మీరు దిగకుండ్రి" అంది మాసమ్మ. మెట్లెక్కితే పిక్కకు మంచిదని అన్నదో, మర్యాదకు అన్నదో ఆమెకే తెలియదు.

ఆ తర్వాత మాసమ్మకు కొత్త జబ్బు పట్టుకుంది. ఎదుటివాళ్ళ మొహం చూడడం మానేసి కాళ్ళు చూడడం మొదలుపెట్టింది. కూరగాయల బండివాడి చీలమండలు, వాచ్‌మన్ పీరయ్య చీలమండలు, బట్టలకు వచ్చే కుర్రాళ్ళ చీలమండలు. పీరయ్య కాళ్ళు గోధుమ రంగులో కనిపించగానే గడగడలాడించి నారాయణగూడకు పంపింది. డాక్టరమ్మ స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచేసరికి రంగు దూదికి అంటుకుంది. కొత్తగా కొన్న నాసిరకం సాక్సుల రంగు అది. పీరయ్య తిరిగొచ్చి నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె పంపిన ఇంకొకతనికి తేలింది మామూలు తామర. "మాసమ్మకు చెప్పు, నా కడుపు కొట్టొద్దని. ఆమె కూడా ప్రాక్టీస్ పెట్టుకుంటే బోర్డు నేనే రాయించి ఇస్త" అని డాక్టరమ్మ విద్యావతితో కబురు పంపింది. మాసమ్మ ఆ కబురును మెచ్చుకోలుగానే తీసుకుంది.

సందు చివర టీ బండి ఓదెలు మాత్రం ఆమెకు దొరికిన అసలు గిరాకీ. పొద్దుటి నుంచి పొయ్యి ముందు కదలకుండా నిలబడే మనిషి. పిక్కల మీద నరాలు, చీలమండ లోపలివైపు అప్పుడప్పుడే కమ్ముతున్న గోధుమ రంగు, దురద. దాన్ని ఏం పెట్టి రుద్దుతున్నావని అడిగితే ఓదెలు సిగ్గుపడుతూ, "గిన్నెలు తోమే పీచుతోని..." అన్నాడు. మాసమ్మ చేతిలో పెట్టె దింపి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. అతన్ని తనే నడిపించుకుని నారాయణగూడకు తీసుకుపోయింది. పుండు పడకముందే వచ్చాడని, మేజోడు, నడక చాలని డాక్టరమ్మ చెప్పింది.

ఓదెలుకు ఇప్పుడు పొద్దున లేవగానే మొదటి పని ఆ మేజోడుతో కుస్తీ. దాన్ని ఎక్కించుకుంటూ మాసమ్మను తిట్టుకోని రోజు లేదని అతను గిరాకీలతో బాహాటంగానే అంటాడు. మధ్యాహ్నం టీకి జనం పల్చబడ్డాక, సందు ఈ చివర మూటల మీద కాళ్ళెత్తుకుని పడుకున్న మాసమ్మ, ఆ చివర ఖాళీ పాల క్యాను మీద కాళ్ళెత్తుకుని కూర్చున్న ఓదెలు, మధ్యలో ఎండ.

"ఓదెలన్నా, ఇంకా ఎత్తుకు పెట్టు! అది గుండె కంటె కిందున్నది" అని అరుస్తుంది మాసమ్మ పడుకునే.

"నా గుండె యాడున్నదో నీకెట్ల తెలుసు అక్కా?" అని అతను అక్కడి నుంచి అరుస్తాడు, కానీ క్యాను మీద ఇంకో పీట వేసుకుంటాడు.